పీర్ల ఊరేగింపు ఫోటో: పత్రికకు ఉత్తరం ఎలా రాయాలంటే

పాపా,

నువ్వు పంపిన ఫోటో, పేపరుకు రాసిన ఉత్తరం రెండూ అందాయి. ఫోటోను పెద్దది చేసుకుని రాత్రి చాలాసేపు చూశాను. కర్నూలు పాతబస్తీ వీధిలో పీర్లు ఎత్తుకుని నడుస్తున్న పద్నాలుగు మంది, వెనక అరుగు మీద నలుగురు పిల్లలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగినప్పుడు ఇలాంటి ఫోటోలు ఎన్ని ఇళ్లలో బురదపాలయ్యాయో నాకు తెలుసు. ఇది ఆదోనిలో మీ అత్త పెట్టెలో ఉండబట్టి మిగిలింది. అందుకే తొందరపడొద్దంటున్నా. ఉత్తరం ఇప్పుడున్నట్టే పంపకు.

"ఇందులో ఎవరినైనా గుర్తుపడితే చెప్పండి" అని రాశావు. నేను ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ని. అలాంటి ఉత్తరాలకు జవాబులు రావు. ఏ కాలం నాటి ఫోటోనో, ఎవర్ని అడగాలో తెలియకపోతే చదివేవాళ్లు పేజీ తిప్పేస్తారు. ముందు కాలం తేల్చుకో. ఫోటోలో ఎడమ మూల చూశావా? బండి మీద మామిడిపళ్ల కుప్ప ఉంది. పీర్ల పండుగ చంద్రమానం ప్రకారం ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి ఎండాకాలంలోకి మళ్లీ రావడానికి ముప్పై మూడేళ్లు పడుతుంది. మే, జూన్ నెలల్లో పండుగ వచ్చింది సుమారు 1961 నుంచి 65 దాకా, మళ్లీ 1994 నుంచి 98 దాకా. ఫోటోలో మీ తాత మీసం నల్లగా ఉంది. రెండోసారికి ఆయనకు అరవై దాటేశాయి. అంటే ఇది అరవైల ఫోటోనే.

కాలం తెలిస్తే ఎవర్ని అడగాలో కూడా తెలుస్తుంది. పీరు మోస్తున్నవాళ్లకు అప్పుడే పాతికేళ్లు ఉన్నాయంటే ఇప్పుడు తొంభైకి దగ్గర, చాలామంది ఉండరు. మనకు కావలసింది ఆ అరుగు మీద పిల్లలు. వాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ల కళ్లకు పేపర్లో బొమ్మ సరిగా ఆనదు, ఇంట్లో మనవలు చూపించాలి. కాబట్టి ఉత్తరంలో "మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారికి ఈ ఫోటో చూపించండి" అనే మాట తప్పకుండా ఉండాలి.

ఇక ఫోటో సంగతి. ఫోన్‌తో తీసింది పంపకు, ట్యూబ్‌లైటు మెరుపు ముగ్గురి మొహాల మీద పడింది. స్కాన్ చేసే షాపులో 600 డీపీఐలో చేయించు. మడతలు, మరకలు చెరిపించొద్దు, అవి చెరిపే క్రమంలో మొహాలే మారిపోతాయి. పేపర్లో బొమ్మ చుక్కలు చుక్కలుగా అచ్చవుతుంది. ఒక్కో మొహం కనీసం చిటికెన వేలి గోరంత లేకపోతే సొంత అన్నను కూడా గుర్తుపట్టలేరు. పద్నాలుగు మందినీ ఒకేసారి వేయించుకోవాలని చూడకు. ముందు వరసలో ఆరుగురినీ, అరుగు మీద పిల్లల్నీ కత్తిరించి పెద్దగా వేయమని అడుగు, మొత్తం ఫోటో పక్కన చిన్నదిగా ఉంటే చాలు. అంకెలు ఫోటో మీద రాయకు. ట్రేసింగ్ పేపరు పెట్టి తలల గీతలు మాత్రం గీసి, వాటిలో 1, 2, 3 వేసి ఆ బొమ్మ కూడా పంపు.

బొమ్మ తిరగబడిందేమో కూడా చూసుకో. ఒకసారి నా చేతుల మీదుగానే తప్పు జరిగింది. నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసిన పాత ఫోటో కింద "ఎడమ నుంచి" అని వరసగా ఏడు పేర్లు వేశాం. మర్నాడు ఒక పెద్దావిడ ఆఫీసుకు వచ్చింది. "మా ఆయనకు పోయింది ఎడమ కన్ను. మీరు కుడి కన్ను పోయినాయన కింద మా ఆయన పేరు రాయకుండా, అటు చివర ఉన్న ఇంకెవరికో రాశారు" అంది. ఏడుగురిలో మధ్యవాడి పేరు తప్ప అన్నీ తారుమారయ్యాయి. ఆ పేపరు ఆమె మడిచి కొంగులో పెట్టుకుని తెచ్చింది, నేను మర్చిపోలేను. నీ ఫోటోలో దుకాణం బోర్డు మసకగా ఉంది కాబట్టి ఆడవాళ్ల పైట చూశాను. ఎడమ భుజం మీదే ఉంది. ఫోటో సరిగానే ఉంది.

నీ ఉత్తరంలో రెండు మాటలు తీసెయ్. ఒకటి, "ముస్లిం పెద్దలు". మన దగ్గర పీరు ఎత్తేవాళ్లలో హిందువులూ ఉంటారు, మెడలో ఫకీరు దారం చూసి మతం చెప్పలేం. ఆ మాట చదివితే సగం ఇళ్లలో "మనవాళ్లు కాదులే" అనుకుంటారు. రెండు, "3వ వ్యక్తి మా తాతగారు". అది దాచిపెట్టు. ఎవరైనా ఫోన్ చేసి 3 ఎవరో సరిగ్గా చెబితే, వాళ్లు చెప్పే మిగతా పేర్లకు బలం ఉంటుంది. నువ్వే చెప్పేస్తే ఆ పరీక్ష పోతుంది. పత్రికకు పూర్తి పేరు, చిరునామా ఇవ్వాల్సిందే, కానీ అచ్చులో ఇంటిపేరు వేయొద్దని కోరు. నీ అనుమానాలు కూడా రాయకు. "2 ఫలానా మేస్త్రీనా?" అని అడిగితే జనం మొహమాటానికైనా అవునంటారు.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"అయ్యా, ఈ ఫోటో 1961–65 మధ్య ఎండాకాలంలో కర్నూలు పాతబస్తీలో జరిగిన పీర్ల ఊరేగింపుదని అనుకుంటున్నాం. ముందు వరసలో 1 నుంచి 6 వరకు, అరుగు మీద పిల్లలు 7 నుంచి 10 వరకు ఎవరో తెలుసుకోవాలని ఉంది. 5వ వ్యక్తి చేతిలో వాయించే పలక, 8వ బాబు మెడలో తాయెత్తు ఉన్నాయి. ఈ వీధి ఏదో చెప్పినా మేలే. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారికి చూపించి, ఎవరు, మీకెలా తెలుసు అనేది సాయంత్రం ఆరు తర్వాత ఫోన్‌లో చెప్పగలరు."

ఎక్కడ వేయించాలో కూడా ఆలోచించు. వరద తర్వాత పాతబస్తీ కుటుంబాలు చాలావరకు వేరే కాలనీలకు, వేరే ఊళ్లకు వెళ్లాయి, ఇల్లిల్లూ తిరిగి అడిగే వీలు లేదు. కర్నూలు జిల్లా ఎడిషన్ ఒక్కటే సరిపోదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది, దాని ఎడిషన్ వేరు. రెండింటిలోనూ వేయమని డెస్కును అడుగు. పండుగకు రెండు వారాల ముందైతే బాగుంటుంది, అప్పుడు పీర్ల చావిడి దగ్గర పేపరు చేతులు మారుతుంది.

ఫోన్లు మొదలయ్యాక ఒక నోటుబుక్కు పెట్టుకో. అంకె, చెప్పిన పేరు, ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఎలా తెలుసన్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి వినిపించకు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే పేరు చెబితే అది ఖాయంగా రాసుకో. ఒక్కరే చెబితే పెన్సిల్‌తో రాయి. అన్నదమ్ములను, తండ్రీకొడుకులను కలిపేసుకోవడం చాలా మామూలు, అందుకే "అప్పటికి ఆయన వయసెంత?" అని అడుగు. ముద్దుపేరే చెబితే అదే రాసుకో, అసలు పేరు తర్వాత దొరుకుతుంది. ఎవరూ చెప్పనివాళ్ల దగ్గర "తెలియలేదు" అని రాసి వదిలెయ్.

అరుగు మీద 8వ బాబు నా మనసులోంచి పోవడం లేదు. వాడు ఊరేగింపు చూడకుండా కెమెరా వైపే చూస్తున్నాడు. ఎక్కడైనా ఉంటే ఆ ఫోటో తీసినాయన ఎవరో వాడికి గుర్తుండొచ్చు. వాడి గురించి ఫోన్ వస్తే అది అడగడం మర్చిపోకు, వెంటనే నాకు కూడా చెప్పు.

నీ మామ