మెయిల్లో ప్రశ్న: ‘ఎప్పుడు’, ‘ఏం’ ఎక్కడ ఉండాలి?

సందేహం: సార్, ఆఫీసు మెయిళ్లు తెలుగులో రాస్తున్నాను. ‘ఎప్పుడు మనం కలవవచ్చు?’ అని రాస్తే మా సీనియర్ ఇది ఇంగ్లీషు వాక్యంలా ఉందన్నారు. తెలుగులో పదాలు ఎటు మార్చినా అర్థం మారదంటారు కదా? ‘మీకు ఏం కావాలి’, ‘ఏం కావాలి మీకు’, ‘మీకు ఏం కావాలో’, వీటిలో మెయిల్లో ఏది రాయాలి?

సమాధానం: మీ సీనియర్ మాట నిజమే. అయితే ఇంగ్లీషు వాసన పెద్ద సమస్య కాదు, దాన్ని ఎవరైనా క్షమిస్తారు. అసలు చిక్కు వాక్యం కాస్త పొడుగైనప్పుడు వస్తుంది, అప్పుడు మీరడిగింది ఒకటైతే అవతలివాళ్లకు ఇంకొకటి అర్థమవుతుంది.

తెలుగులో ప్రశ్న అడగడానికి పదాలను కదపనక్కర్లేదు. జవాబు ఏ చోట కూర్చుంటుందో ప్రశ్నపదం కూడా ఆ చోటే కూర్చుంటుంది. ‘మనం మంగళవారం కలవవచ్చు’ అన్నది జవాబైతే, ‘మంగళవారం’ తీసేసి అక్కడ ‘ఎప్పుడు’ పెట్టండి, ‘మనం ఎప్పుడు కలవవచ్చు?’ వచ్చేస్తుంది. ‘నాకు పాత బిల్లులు కావాలి’ అన్నది జవాబైతే ‘మీకు ఏం కావాలి?’ అన్నది ప్రశ్న. రెండింటిలోనూ ప్రశ్నపదం క్రియకు ఆనుకునే ఉంది, చూడండి. తెలుగు వాక్యంలో ఒత్తి చెప్పదలచుకున్న మాటకు సహజమైన చోటు అదే. ఎవరు చేశారని అడిగేటప్పుడూ అంతే, ‘ఎవరు ఈ ఫైలు పంపారు?’ కంటే ‘ఈ ఫైలు ఎవరు పంపారు?’ బాగుంటుంది. మొదటిది తప్పని అనను కానీ, చదివేవాళ్లకు నిలదీసినట్టు ఉంటుంది.

పదాలు ఎటు మార్చినా అర్థం మారదన్న మాట చిన్న వాక్యాలకు చాలావరకు చెల్లుతుంది, వాక్యంలో ఇంకో క్రియ దూరిందంటే చెల్లదు. ‘ఎప్పుడు మీరు పంపిన డ్రాఫ్టు మీద మనం మాట్లాడుకోవచ్చు?’ అని మెయిల్లో రాశారనుకోండి. మీ ఉద్దేశం మాట్లాడుకునే రోజు ఏదని అడగడం. కానీ చదివేవాళ్లు ఎడమ నుంచి చదువుకుంటూ వస్తారు, ‘ఎప్పుడు’ తర్వాత వాళ్లకు ముందు దొరికే క్రియ ‘పంపిన’. తెలుగులో ప్రశ్నపదం ‘మీరు పంపిన’ లాంటి విశేషణవాక్యం లోపల కూడా నిక్షేపంగా ఇముడుతుంది, ‘ఎవరు రాసిన రిపోర్టు కావాలి?’ అని మనం రోజూ అడగడం లేదూ! అందుకే అవతలివాళ్లు మీ వాక్యాన్ని ‘ఎప్పుడు పంపిన డ్రాఫ్టు?’ అని పట్టుకుని, ‘సోమవారం పంపినదే చూడండి’ అని జవాబిచ్చినా వాళ్లను తప్పు పట్టలేం. మీటింగు రోజు మాత్రం తేలదు, ఇంకో మెయిల్ రాయాలి.

‘ఎప్పుడు’ను దాని క్రియ దగ్గరికి జరపండి: ‘మీరు పంపిన డ్రాఫ్టు మీద మనం ఎప్పుడు మాట్లాడుకోవచ్చు?’ ఇక రెండో అర్థానికి దారి లేదు. ఇదే తేడాను చిన్న వాక్యాల్లో చూడాలంటే ‘ఎప్పుడు పంపిన ఫైలు కావాలి?’, ‘పంపిన ఫైలు ఎప్పుడు కావాలి?’ పక్కపక్కన పెట్టుకోండి. పదాలన్నీ అవే. మొదటిదానికి జవాబు ఏ ఫైలో చెబుతుంది, రెండోదానికి జవాబు గడువు చెబుతుంది. ‘అని’ వచ్చే వాక్యాల్లోనూ ఇదే సంగతి. ‘ఎప్పుడు కలుస్తామని చెప్పారు?’ అంటే అడిగింది కలిసే రోజు, ‘కలుస్తామని ఎప్పుడు చెప్పారు?’ అంటే అడిగింది చెప్పిన రోజు. రెండో ప్రశ్న కొన్నిసార్లు ‘మీరసలు చెప్పనే లేదు’ అన్న దెప్పులా కూడా వినిపిస్తుంది, కాబట్టి జాగ్రత్త.

పంపే ముందు ఒకసారి సరిచూసుకోవాలంటే, మీకు రావాలనుకుంటున్న జవాబును ప్రశ్నపదం ఉన్న చోట పెట్టి చదవండి. ‘మంగళవారం మీరు పంపిన డ్రాఫ్టు మీద మనం మాట్లాడుకోవచ్చు’ అని చదవగానే తేడా మీకే తెలిసిపోతుంది, మంగళవారం వెళ్లి డ్రాఫ్టుకు తగులుకుంటుంది.

‘ఏం కావాలి మీకు?’ విషయానికొస్తే, మాట్లాడేటప్పుడు అది మామూలే, క్రియ అయిపోయాక గుర్తొచ్చిన మాటను వెనక తగిలిస్తాం. గొంతులో నవ్వుంటే అది ఆత్మీయంగా ఉంటుంది, విసుగుంటే విసుగ్గా ఉంటుంది. మెయిల్లో గొంతు లేదు కదా, ముక్కూ మొహం తెలియనివాళ్లు విసుగుగానే చదువుకునే ప్రమాదం ఎక్కువ. ‘మీకు’ ముందే రావాలి. అలాగని దాన్ని తీసేసి ఉత్త ‘ఏం కావాలి?’ అని రాయకండి, అది ఇంకా పొడిగా ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ వస్తువులో, వివరాలో చెబుతారని మీకు తెలిస్తే ‘మీకు ఏమేం కావాలి?’ అనండి, అవతలివాళ్లు ఒక్కటి చెప్పి ఊరుకోకుండా జాబితా ఇస్తారు. సమయాలకైతే ‘మీకు ఎప్పుడెప్పుడు వీలవుతుంది?’ అని అడిగితే రెండు మూడు సమయాలు ఒకేసారి తెలుస్తాయి. ఇంత చక్కని సదుపాయం చేతిలో ఉంచుకుని చాలామంది ‘మీకు వీలైన వివిధ సమయాలను తెలియజేయగలరు’ అని ఎందుకు రాస్తారో నాకు అంతుపట్టదు.

ప్రశ్నపదాన్ని వాక్యం చివర పెట్టే పద్ధతి ఒకటుంది: ‘మనం కలిసేది ఎప్పుడు?’, ‘మీకు కావలసింది ఏమిటి?’ ఇది పూర్తిగా తెలుగు నుడికారమే, వ్యాకరణానికి ఏ లోటూ లేదు. కాకపోతే ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది. ‘కలిసేది ఎప్పుడు’ అంటే కలవడం ఖాయమైపోయింది, రోజు ఒక్కటే తేలాలి అన్నట్టు. ఇంకా ఒప్పుకోని మనిషికి మొదటి మెయిల్లోనే ఇలా రాస్తే తొందరపెట్టినట్టు ఉంటుంది. అక్కడ ‘ఎప్పుడు కలవవచ్చు?’ నయం. మీటింగు ఉందని ఇద్దరికీ తెలిశాక, రెండుసార్లు వాయిదా పడ్డాక, ‘ఇంతకీ మనం కలిసేది ఎప్పుడు?’ సరిగ్గా అతుకుతుంది. సాటి ఉద్యోగికైతే ఇవేవీ లేకుండా ‘ఎప్పుడు కలుద్దాం?’ అంటే చాలు.

ఇక ‘మీకు ఏం కావాలో’. ఆ చివరి ‘ఓ’ వచ్చిందంటే వాక్యం ఇంకా పూర్తి కాలేదు, దాన్ని మోయడానికి ఇంకో క్రియ కావాలి. ‘మీకు ఏం కావాలో చెప్పండి’, ‘మనం ఎప్పుడు కలవవచ్చో తెలియజేయండి’ అని రాస్తే నిండుగా ఉంటుంది, సూటి ప్రశ్న కంటే కాస్త మర్యాదగానూ ఉంటుంది. ‘మనం ఎప్పుడు కలవవచ్చో?’ అని అక్కడే ఆపేస్తే అది మీలో మీరు అనుకుంటున్న మాట అవుతుంది తప్ప అవతలివాళ్లను అడిగినట్టు కాదు, జవాబు రాకపోయినా ఆశ్చర్యం లేదు. మెయిళ్లలో తరచూ కనిపించే ఇంకో సంగతి, ‘మీకు ఏం కావాలో చెప్పండి?’ అని చివర ప్రశ్నగుర్తు పెట్టడం. అక్కడ ప్రధాన క్రియ ‘చెప్పండి’, అది విన్నపం, కాబట్టి చుక్క పెట్టాలి. ‘చెప్పగలరా’ అని అడిగితే మాత్రం ప్రశ్నగుర్తు ఉండాల్సిందే.