కాండం మీద మచ్చలు: ఏది తెగులు, ఏది కాదు

"మామిడి కాండం నిండా బూడిద, పచ్చ మచ్చలు వచ్చాయి. ఫోటో పెట్టాను. ఏ మందు కొట్టాలి?"

ఆ మచ్చలకు మందు అక్కర్లేదండి. అంచులు ముడతలు పడి, అట్టలా అతుక్కున్న బూడిద రంగువి లైకెన్లు, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి ఒకటిగా బతికేవి. వాటి కింద పచ్చటి పొరలా ఉన్నది పాచి, చెట్టు మొదలు దగ్గర మెత్తగా దట్టంగా పెరిగింది నాచు. మూడూ బెరడు పైనే బతుకుతాయి, చెట్టు రసాన్ని పీల్చవు. కాసిని నీళ్లు చల్లి చూడండి, లైకెన్ బూడిద రంగు పోయి పచ్చబడుతుంది. గోటితో గీకితే ఊడి వస్తుంది, కింద బెరడు గట్టిగానే ఉంటుంది.

ఎండుతున్న కొమ్మల మీద లైకెన్ ఎక్కువగా కనిపిస్తే, అదే కొమ్మను చంపిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆకులు రాలి వెలుతురు పడటం వల్లే అది అక్కడ పెరుగుతుంది. ఎండటానికి కారణం వేర్ల దగ్గరో, కాండంలోనో వెతకాలి.

మీ ఫోటోలో నాకు టెన్షన్ పెట్టింది వేరే చోటు. పంగ కింద పగులు నుంచి గోధుమ రంగు జిగురు కారి, చుట్టూ బెరడు కాస్త కుంగినట్టుంది. అక్కడ శుభ్రమైన చాకు మొనతో గోరంత మేర పైపొర గీకండి. లోపల తడిగా, లేత పచ్చగా లేదా మీగడ రంగులో ఉంటే ఆ భాగం బతికే ఉంది. గోధుమ రంగులో ఉండి పులిసిన వాసన వస్తే తెగులు లోపలికి దిగినట్టే. ఫోటోలో ఈ తేడా తెలియదు కాబట్టి, గీకిన చోటును దగ్గరగా, పగటి వెలుతురులో తీసి పెట్టండి.