జ్వరం వచ్చిందని ఆ ఇంజెక్షన్లు మానకండి

ప్రశ్న: నా వయసు 24. తొలి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. పీహెచ్‌సీలో వేలి నుంచి రక్తం తీసి పరీక్ష చేశారు. హెచ్‌ఐవీ లేదన్నారు కానీ సిఫిలిస్ పాజిటివ్ అన్నారు. తర్వాత చేసిన ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్షలో 1:16 వచ్చింది. వారానికి ఒకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయాలన్నారు. మొదటిది వేసిన రాత్రే వణుకుతో జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని మిగతా రెండూ మానేశాను. పన్నెండు రోజులైంది. నాకు పుండ్లు, దద్దుర్లు ఏమీ లేవు. అజిత్రోమైసిన్ మాత్రలు వాడినా తగ్గుతుందని మందుల షాపులో చెప్పారు. ఏం చేయాలి?
- ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: రేపే ఆస్పత్రికి వెళ్లండమ్మా. ఇంజెక్షన్లు మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలి.

ముందు ఆ జ్వరం సంగతి. అది మందు పడక వచ్చింది కాదు, మందు పనిచేయడం వల్ల వచ్చింది. పెన్సిలిన్ పడగానే సిఫిలిస్ క్రిములు ఒక్కసారిగా పెద్దసంఖ్యలో చనిపోతాయి. వాటి నుంచి వెలువడే పదార్థాలకు ఒళ్లు అలా స్పందిస్తుంది. ఇంజెక్షన్ వేసిన కొన్ని గంటలకు మొదలై, సాధారణంగా ఒక రోజులో దానంతటదే పోతుంది. పారాసిటమాల్, కాస్త ఎక్కువగా మంచినీళ్లు చాలు. పెన్సిలిన్ పడకపోతే కనిపించే తీరు వేరు: చాలావరకు వేసిన గంటలోపే ఒళ్లంతా దురద, దద్దుర్లు, పెదాలు లేదా ముఖం వాపు, ఆయాసం, కళ్లు తిరగడం. మీకు ఇలాంటివేవీ జరిగినట్టు రాయలేదు. జరిగి ఉంటే మాత్రం ఇంజెక్షన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి. మొదటి డోసు నాడు వచ్చే ఈ జ్వరం తర్వాతి డోసులకు సాధారణంగా రాదు. అయితే మీరు గర్భిణి కాబట్టి ఒక జాగ్రత్త: ఇంజెక్షన్ వేయించుకున్న రోజున పొట్ట మాటిమాటికీ గట్టిపడుతున్నా, తెలుస్తున్న బిడ్డ కదలికలు తగ్గినా ఇంట్లో పడుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. దానికి భయపడి చికిత్స మానేస్తే మాత్రం బిడ్డకు జరిగే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ.

వేసిన ఒక డోసు ఎందుకు లెక్కలోకి రాదని అడుగుతారేమో. మీకు వేసింది బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. చిక్కగా పాలలా ఉంటుంది, అందుకే అంత నొప్పి. చాలాచోట్ల సగం ఒక పిర్రకు, సగం రెండో పిర్రకు వేస్తారు. అది కండలో నిలిచి, కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూ ఉంటుంది. సిఫిలిస్ క్రిమి చాలా నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి మందు రక్తంలో వారాల తరబడి తెగకుండా ఉండాలి. గర్భిణుల్లో రెండు డోసుల మధ్య తొమ్మిది రోజులు దాటితే కోర్సు తెగిపోయినట్టే లెక్క. మీకు పన్నెండు రోజులైంది. రేపు సోమవారం అనుకుంటే, ఆ సోమవారం, వచ్చే సోమవారం, ఆ పై సోమవారం. ఊరు వెళ్లాల్సి వచ్చినా, ఇంట్లో శుభకార్యం ఉన్నా ఈ మూడూ తప్పించకండి. పుట్టింటికి వెళ్లేట్టయితే చీటీ వెంట తీసుకెళ్లి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో వేయించుకోవచ్చు.

మందుల షాపు సలహా పక్కన పెట్టండి. అజిత్రోమైసిన్ మాయను దాటి బిడ్డకు సరిపడా చేరదు. పైగా ఆ మందుకు లొంగని సిఫిలిస్ క్రిములు చాలాచోట్ల ఉన్నాయి. తల్లికి తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల బిడ్డకు జబ్బు అలాగే ఉంటుంది. కడుపులోని బిడ్డకు కూడా నమ్మకంగా పనిచేసేది పెన్సిలిన్ ఒక్కటే. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లకు కూడా గర్భం సమయంలో వేరే మందు ఇవ్వరు. పెద్దాస్పత్రిలో చేర్చుకుని, అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఒళ్లు అలవాటు పడేలా చేసి ఆ పెన్సిలినే ఇస్తారు.

లక్షణాలు లేవంటే జబ్బు లేదని కాదు. మొదట్లో వచ్చే పుండు నొప్పి పెట్టదు, లోపలి భాగంలో ఉంటే ఆడవాళ్లకు కనిపించదు కూడా. దానంతటదే మానిపోయి జబ్బు ఏళ్ల తరబడి రక్తంలో దాగి ఉంటుంది. ఎప్పుడు సోకిందో తేలకపోతే మూడు డోసులు వేస్తాం. ఇటీవలే సోకిందని తెలిస్తే ఒక డోసుతో సరిపోయేది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్నది ఈ పరీక్ష చెప్పదు, దాని మీద ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి. కానీ ఇది కలయిక ద్వారా సోకే జబ్బు కాబట్టి మీ ఆయనకు పరీక్ష, చికిత్స తప్పనిసరి. ఆయనకూ ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. జిల్లా ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఈ సేవలు ఉచితంగా ఉంటాయి. ఇద్దరి చికిత్సా పూర్తయ్యేదాకా కలవకండి. ఆయన వేయించుకోకపోతే మీ మూడు డోసులూ అయ్యాక కూడా జబ్బు మళ్లీ మీకు రావచ్చు.

హెచ్‌ఐవీ లేదన్నారు కదా అని ఆ పరీక్షను అక్కడితో వదిలేయకండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. సిఫిలిస్ ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే అవకాశం ఎక్కువ. కొత్తగా సోకితే మొదటి కొన్ని వారాలు పరీక్షలో తెలియదు. గర్భంలో ఉండగా కొత్తగా సోకితే రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకు చేరే ప్రమాదమూ ఎక్కువే. అందుకే ఎనిమిదో నెలలో, హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రంలో ఆ పరీక్ష మళ్లీ చేయించుకోండి. ఒకవేళ వచ్చినా చేతులెత్తేయాల్సిన పని లేదు. హెచ్‌ఐవీ ఎక్కువగా కాన్పు సమయంలో, పాల ద్వారా బిడ్డకు చేరుతుంది. కాబట్టి వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మాత్రలు ఆలస్యం లేకుండా మొదలుపెట్టి, పుట్టిన బిడ్డకు నెవిరపిన్ లాంటి మందు ఇస్తే చాలావరకు ఆపగలం. సిఫిలిస్ అలా కాదు, కడుపులో ఉండగానే మాయ ద్వారా చేరుతుంది. పట్టించుకోకపోతే బిడ్డ లోపలే చనిపోవచ్చు, నెలలు నిండకుండా పుట్టొచ్చు. అందుకే కాన్పుదాకా ఆగే వీలు లేదు. చికిత్సకీ కాన్పుకీ మధ్య కనీసం నాలుగు వారాలుండాలి. ఇప్పుడే మొదలుపెడితే మీకు కావలసినంత సమయం ఉంది.

ఎనిమిదో నెలలోనే ఆర్‌పీఆర్ కూడా చేయించండి. 1:16 కాస్తా 1:4కి దిగితే చికిత్స బాగా పట్టినట్టు. 1:8 దగ్గరే ఉన్నా టెన్షన్ పడకండి, కొందరిలో ఈ అంకె నెమ్మదిగా దిగుతుంది. 1:64కి పెరిగితే మళ్లీ సోకిందేమో చూడాలి. వేలి రక్తంతో చేసే కార్డు పరీక్ష మాత్రం జబ్బు తగ్గినా చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది. మూడు డోసుల తేదీలూ, ఆర్‌పీఆర్ అంకెలూ మాతాశిశు కార్డులో రాయించి దాచుకోండి. రెండో కాన్పుకు వెళ్లినప్పుడు అనవసరమైన గొడవ ఉండదు.

కాన్పుకు వెళ్లినప్పుడు ఆ కాగితాలు పిల్లల డాక్టర్‌కు చూపించండి. బొడ్డుతాడు రక్తం కాకుండా బిడ్డ నరం నుంచి తీసిన రక్తంతో ఆర్‌పీఆర్ చేసి, అప్పటి మీ అంకెతో పోల్చి చూస్తారు. మీ కోర్సు పూర్తయి, బిడ్డ ఆరోగ్యంగా ఉంటే ఒక పెన్సిలిన్ డోసు ఇచ్చి పంపవచ్చు. కోర్సు మధ్యలో తెగి ఉంటే పది రోజులు ఆస్పత్రిలోనే ఉంచి ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వస్తుంది. రొమ్ము మీద పుండు లేకపోతే సిఫిలిస్ పాల ద్వారా సోకదు, పుట్టిన గంటలోపే పట్టించొచ్చు. బిడ్డ ఆర్‌పీఆర్ మొదట పాజిటివ్ వచ్చినా కంగారు పడకండి, అది మీ నుంచి చేరిన యాంటీబాడీలే కావచ్చు. అదే అయితే మూడో నెలకల్లా తగ్గి, ఆరో నెలకు పోతుంది. మూడో నెల పరీక్షకు టీకాల రోజునే తీసుకెళ్తే పని అయిపోతుంది, ఆరో నెల పరీక్షకు మాత్రం మరవకుండా విడిగా తీసుకెళ్లండి.