మీ నాన్న చేత క్షమాపణ రాయించకు

ఒరేయ్ చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. ఆసుపత్రి బిల్లు డబ్బులు ఇవ్వం అంటూ ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు ఇంగ్లీషులో మెయిల్ పెట్టారనీ, మీ నాన్న రెండు రోజులుగా ఆ ఫోన్ పట్టుకుని అరుగు మీదే కూర్చుంటున్నారనీ, శనివారం నువ్వొచ్చి చదివి చెప్పి జవాబు రాస్తావనీ చెప్పింది. మూడో తరగతిలో నా దగ్గర స్పెల్లింగులు రాక ఏడ్చినవాడివి, ఇవాళ నాన్న తరఫున కంపెనీకి రాస్తున్నావంటే సంతోషంగానే ఉంది. భయం కూడా ఉంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మీ అమ్మ ఆ మెయిల్ నాకూ పంపింది. మొదటి రెండు వాక్యాలూ మర్యాదకు రాసినవి, వదిలెయ్. అసలు సంగతంతా మూడో వాక్యంలో ఉంది: మీ నాన్నకు పదేళ్ళుగా బీపీ ఉందని ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ఉంది, 2019లో పాలసీ తీసుకునేటప్పుడు ఆ మాట ఫారంలో రాయలేదు, కాబట్టి క్లెయిమ్ రిపుడియేట్ చేస్తున్నాం అని. రిపుడియేట్ అంటే తిరస్కరించడం, అంతే. నాన్‌డిస్‌క్లోజర్ అన్న మాటను మాత్రం ‘దాచారు’ అని చెప్పకు, ‘ఫారంలో ఆ వివరం లేదంటున్నారు’ అని చెప్పు. ఒక్క మాటే కదా అనుకోకు. నేను అక్కడే తప్పు చేశాను.

మీ తాతయ్యకు కాలి పుండు ఆపరేషన్ అయినప్పుడు ఇలాంటి ఉత్తరమే వచ్చింది. అది మెయిల్ కాదు, పోస్టులో కవరు. షుగర్ ముందునుంచే ఉందని రాశారు. నేను వరండాలో నిలబడి చదివి, ‘మనం అబద్ధం చెప్పామంటున్నారు నాన్నా’ అనేశాను. కొబ్బరి దింపు దగ్గర కూలీలకు రూపాయి లెక్క తేడా రానివ్వని మనిషి. ఆ పూట అన్నం దగ్గర కూర్చోలేదు, ‘ఆ డబ్బు మనకొద్దు, వదిలెయ్యి’ అని పడుకున్నారు. నాకేమో ఆయన్ని అలా చూసి ఏడుపొచ్చి, ఎలాగైనా డబ్బు తెప్పించాలని ఆ రాత్రే కూర్చుని రాశాను. టీచరమ్మని కదా, ఇంగ్లీషు బాగానే వచ్చు, అదే నా కొంప ముంచింది. మా నాన్నగారు పెద్దగా చదువుకోలేదు, షుగర్ సంగతి చెప్పాలని తెలియక చెప్పలేదు, మా పొరపాటు మన్నించి పెద్దమనసుతో పరిశీలించగలరు అని రాశాను. మన ఉత్తరాల్లో అలాగే రాస్తాంగా! తప్పున్నా లేకపోయినా క్షమించండి అంటే ఎదుటివాడు మెత్తబడతాడని. మూడు వారాలకు జవాబు వచ్చింది, ‘మీ ఉత్తరంలో మీరే ఒప్పుకున్నట్లుగా’ అనే మాటతో మొదలైంది.

అది వచ్చిన రోజు తాతయ్య మంచం కింద రేకు పెట్టె లాగి, రేషన్ కార్డు కవరులో మడతపెట్టిన ఒక ల్యాబ్ కాగితం తీసి ఇచ్చారు. షుగర్ మొదటిసారి తేలిన రిపోర్టు అది. పాలసీ తీసుకున్న పధ్నాలుగు నెలల తర్వాతి తేదీ. ఆయన దాచిందేమీ లేదురా, తీసుకునే నాటికి ఆయనకే తెలియదు. నేను అడగలేదు గనుక ఆయన చెప్పలేదు. లేని తప్పు నా చేత్తో నేనే ఒప్పుకున్నాను. ఆ పైన ఎవరిని అడగాలో తెలియక ఊరుకుండిపోయాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే నువ్వు ల్యాప్‌టాప్ తెరవకముందు మీ నాన్న పక్కన కూర్చుని మూడు తేదీలు అడుగు. మొదటి పాలసీ ఎప్పుడు తీసుకున్నారు, మధ్యలో రెన్యువల్ ఎప్పుడైనా తప్పిందా, బీపీ మాత్ర మొదట ఎప్పుడు రాశారు. పోలీసులా కాదు, కాఫీ తాగుతూ అడుగు.

మీ అమ్మ చెప్పినదాన్నిబట్టి మొదటి పాలసీ 2019 ఆగస్టులో, మూడు లక్షలకు తీసుకున్నారు. మన బలమంతా ఆ తేదీలోనే ఉంది. ఆరోగ్య పాలసీ ఆగకుండా కొంతకాలం నడిచాక, ఫారంలో ఫలానాది చెప్పలేదని క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. మోసం చేశారని రుజువైతే, లేదా ఆ జబ్బు పాలసీలో శాశ్వతంగా మినహాయించినదైతే తప్ప. దాన్ని మారటోరియం అంటారు. పూర్వం ఎనిమిదేళ్ళు ఉండేది, 2024లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అరవై నెలలకు తగ్గించింది. మీ నాన్నకు అరవై నెలలు 2024 ఆగస్టుకే నిండాయి. ఒక మెలిక ఉంది: 2023లో పాలసీని ఐదు లక్షలకు పెంచారు కదా, ఆ పెంచిన రెండు లక్షలకు లెక్క 2023 నుంచి మొదలవుతుంది. బిల్లు 2 లక్షల 14 వేలే గనుక పాత మూడు లక్షల్లోనే సరిపోతుంది, ఆ మాట ఉత్తరంలో రాయి.

ఇక ఆ ‘పదేళ్ళు’ ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పగలను. రాత్రి క్యాజువాలిటీలో ‘బీపీ ఎన్నాళ్ళనుంచి’ అని డ్యూటీ డాక్టరు అడిగితే మీ అమ్మ కంగారులో ‘ఎప్పట్నుంచో అండి’ అందట. పాత చీటీలన్నీ వెతుకు. మొదటి మాత్ర 2021లో రాసినట్టు చీటీ దొరికితే, అది చూపించి, కేసు షీటులో రాసింది సరికాదని వైద్యం చేసిన డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద, తేదీ, ముద్రతో రాయించు. దొరక్కపోతే, లేదా బీపీ నిజంగానే ముందునుంచి ఉందని తేలితే, ఆ లెటరు జోలికే వెళ్ళకు. అబద్ధపు కాగితం పెడితే అదే మోసం అవుతుంది, అరవై నెలల రక్షణ కూడా పోతుంది. అప్పుడు మారటోరియం ఒక్కటే రాసి ఊరుకో.

జవాబు ముందు తెలుగులో రాసి మీ నాన్నకు చదివి వినిపించు, ఆయన సరే అన్నాక ఇంగ్లీషులో పెట్టు. ఇంత చాలు: ‘నా మొదటి పాలసీ ఫలానా తేదీన మొదలై ఆగకుండా నడుస్తోంది. అరవై నెలలు నిండాయి. ఈ క్లెయిమ్ మొదటి మూడు లక్షల్లోనే ఉంది. కాబట్టి వివరం చెప్పలేదన్న కారణం మీద తిరస్కరించడం చెల్లదు. తిరిగి పరిశీలించి, కాదంటే పాలసీలోని ఏ షరతు ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి.’ మన్నించమని వద్దు, వృద్ధుడినని వద్దు, నీ కోపం అసలే వద్దు. మీ నాన్న మెయిల్ నుంచే, పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు పైన వేసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు పంపు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పి ఊరుకోకు, రాతలోనే ఉండాలి.

నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన జిల్లాలతోపాటు పక్కనున్న యానాం కూడా ఆయన పరిధిలోదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాదన్న నాటినుంచి ఏడాదిలోపు వెళ్ళాలి, అది మాత్రం క్యాలెండరు మీద రాసి పెట్టుకో. నాకు ఆ ఏడాది తెలియకుండానే గడిచిపోయింది.

రావులపాలెంలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి. 2019 పాలసీ కాగితం బీరువాలో పట్టుచీరల కింద ఉందట, కనుక్కున్నాను. మీ నాన్న కళ్ళజోడు కాడ విరిగింది, దారంతో కట్టుకుని చదువుతున్నారు, ముందు అది బాగు చేయించు, ఉత్తరం ఆయనే చదువుకుని సంతకం పెడతారు.

మీ పెద్దమ్మ