మీటర్ బ్రిడ్జ్‌లో R మారిస్తే X ఎందుకు మారుతోంది?

ప్రశ్న: సార్, ఇంటర్ సెకండియర్, మాది చీపురుపల్లి. మీటర్ బ్రిడ్జ్‌లో R మార్చిన ప్రతిసారీ X కొంచెం మారిపోతోంది, గ్యాప్‌లు మార్చినా అంతే. రికార్డులో ఏది రాయాలి? ఎర్రర్స్ కింద ఏం రాయాలి?

జవాబు: బాబూ, విజయనగరంలో మా ల్యాబ్‌లో ఒక పాత బ్రిడ్జ్ మీద పిల్లలు తీసిన రీడింగులు ఇవి. మొదట రెసిస్టెన్స్ బాక్స్ ఎడమ గ్యాప్‌లో, తెలియని తీగ కుడి గ్యాప్‌లో పెట్టారు. l అప్పటి బ్యాలెన్స్ పాయింట్, l′ గ్యాప్‌లు మార్చాక వచ్చింది.

| R (ఓం) | l (సెం.మీ.) | l′ (సెం.మీ.) | l + l′ | X = R(100−l)/l | X = Rl′/(100−l′) |
|---|---|---|---|---|---|
| 1 | 24.7 | 75.1 | 99.8 | 3.05 | 3.02 |
| 2 | 39.8 | 60.0 | 99.8 | 3.03 | 3.00 |
| 3 | 49.9 | 49.9 | 99.8 | 3.01 | 2.99 |
| 4 | 57.1 | 42.7 | 99.8 | 3.01 | 2.98 |

నాలుగో గడి సిలబస్‌లో ఉండదు, నేనే వేయిస్తాను. బ్రిడ్జ్‌లో ఏ లోపమూ లేకపోతే ఆ మొత్తం 100 రావాలి. ఇక్కడ ప్రతి వరుసలోనూ ఒకేలా 2 మి.మీ. తగ్గింది, అంటే పిల్లలు రీడింగు బాగానే తీశారు, తేడా బ్రిడ్జ్‌దే. తీగ చివరల్లో రాగి పట్టీకి, టంకానికి కూడా కొంత నిరోధం ఉంటుంది. దానివల్ల తీగ రెండు కొసల్లోనూ స్కేలు చూపించేదానికన్నా కాస్త పొడవున్నట్టు లెక్క. ఇక్కడ ఎడమ కొసలో అది కుడికన్నా 2 మి.మీ. ఎక్కువ. దీన్నే ఎండ్ ఎర్రర్ అంటారు. ఒక్క వరుసలోనే మొత్తం తప్పితే మాత్రం అక్కడ రీడింగు తప్పు, ఆ ఒక్కటీ మళ్ళీ తియ్యి.

అలాగని మొత్తం సరిగ్గా 100 వచ్చినా బ్రిడ్జ్‌లో లోపం లేదనుకోకు. రెండు కొసల్లోనూ ఒకేంత అదనం ఉంటే ఈ పరీక్షకు దొరకదు. గ్యాప్‌లు మార్చి సగటు తీస్తే తప్పు పూర్తిగా పోతుందనుకోవడమూ పొరపాటే: R 1 ఓం దగ్గర సగటు 3.03, మిగతా మూడు వరుసల సగటు 3.00. 24.7 లాంటి చిన్న పొడవు మీద కొస లోపం ఎక్కువ వాటా తినేస్తుంది. రీడింగులో 1 మి.మీ. తేడా వచ్చినా అంతే, తీగ మధ్యలో X కి 0.4 శాతం తప్పు, 10 సెం.మీ. దగ్గరైతే 1.1 శాతం. అందుకే బ్యాలెన్స్ 40, 60 మధ్య పడేలా R ఎంచుకో. మొదటి వరుస కొట్టెయ్యకు, పట్టికలో ఉంచి సగటులో కలపకు. ఎందుకని వైవాలో అడిగితే పై మాటే చెప్పు.

ఎర్రర్స్ కింద ఎండ్ ఎర్రర్ ముందు రాయి. తర్వాత తీగ మందం అంతటా ఒకేలా లేకపోవడం: జాకీని తీగ మీద రుద్దుతూ లాగేవాళ్ళు చేసే పని ఇది. జాకీని తాకించి ఎత్తాలి, అంతే. ఆపైన ప్లగ్ కీ తెరవకుండా వదిలేస్తే తీగ వేడెక్కడం. మన వైపు ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చగా చిలుమెక్కుతాయి, కనెక్షన్ ఇచ్చేముందు ఉప్పు కాగితంతో వాటిని, వైరు కొసల్ని గీకు. జాకీని రెండు చివర్లా తాకించినప్పుడు ముల్లు రెండుసార్లూ ఒకే వైపు పోతే ఎక్కడో కనెక్షన్ ఊడింది, దాన్ని వెతకకుండా రీడింగు మొదలెట్టకు.