వీఎఫ్‌డీ మాన్యువల్ చదివేటప్పుడు ఏది తప్పిపోతుంది?

నేను ఈఈఈ మూడో ఏడాది. ల్యాబ్‌లో వీఎఫ్‌డీ మాన్యువల్ చదివినా స్టెప్పులు తప్పుతున్నాయి. ఎలా చదవాలి?

ప్రతి వాక్యంలో ‘ఏది జరిగాక’, ‘ఎప్పటి నుంచి’ అన్నవి ముందు వెతకండి. కవర్ తెరిచే భాగమే తీసుకుందాం. చిన్న డ్రైవ్ మాన్యువల్‌లో సాధారణంగా ఇలా ఉంటుంది: మెయిన్ సప్లై తీసేశాక 5 నిమిషాలు ఆగాలి, డీసీ బస్ వోల్టేజీ కొలవాలి, ఆ తర్వాతే లోపలి భాగాలు ముట్టుకోవాలి. చాలామందికి 5 నిమిషాలు గుర్తుంటాయి గానీ, అవి ఎప్పుడు మొదలవుతాయో గుర్తుండదు. స్టాప్ బటన్ నొక్కితే మోటార్ మాత్రమే ఆగుతుంది. సప్లై ఉన్నంతసేపూ కెపాసిటర్లు ఛార్జ్‌తోనే ఉంటాయి. 415 వోల్టుల త్రీఫేజ్ డ్రైవ్‌లో అది దాదాపు 580 వోల్టుల డీసీ. కాబట్టి ఐసొలేటర్ ఆఫ్ చేసిన క్షణం నుంచే లెక్క.

ఆగడం ఒక్కటే చాలదు. డిశ్చార్జ్ రెసిస్టర్ పాడైతే ఆ తర్వాత కూడా ఛార్జ్ మిగులుతుంది, అందుకే కొలవడం విడి స్టెప్. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని ఛార్జ్ పోయిందనుకోకండి. ల్యాబ్ ఇన్‌ఛార్జ్ ఉండగా, మీటర్‌ను డీసీ రేంజ్‌లో పెట్టి ప్లస్, మైనస్ బస్ టెర్మినళ్ల మధ్య చూడండి. ఏసీ రేంజ్‌లో ఉంటే సున్నా చూపి మోసం చేయొచ్చు. ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎన్ని వోల్టుల కిందికి రావాలి అన్నవి మోడల్‌ను బట్టి మారతాయి. నేమ్‌ప్లేట్ మీది మోడల్ నంబర్‌ను మాన్యువల్‌తో సరిచూశాకే ఆ అంకెలు వాడండి.