మా వాడు రోజంతా ఫోన్‌లో మెసేజీలు పెడుతున్నాడు, ఇదీ ఒక ఉద్యోగమేనా?

"సార్, మా అబ్బాయి బీబీఏ అయ్యాడు. కాకినాడలో కొత్తగా తెరుస్తున్న కేఫ్ కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేసేవాళ్లకు మెసేజీలు పెడుతున్నాడు. ఇరవై మందికి పెడితే ఒక్కరూ జవాబివ్వలేదట. డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఎంబీఏ మంచిదా, అదా?"

మీ అసలు భయం వాడు ఖాళీగా ఉన్నాడని నలుగురూ అనుకుంటారేమోనని. ముందు ఆ మెసేజీ ఒకసారి చూపించమని అడగండి. బహుశా "హాయ్, కొలాబ్ చేద్దామా? డీటెయిల్స్‌కి రిప్లై ఇవ్వండి" అని ఉంటుంది. పరిచయం లేనివాళ్ల మెసేజీ రిక్వెస్టుల్లోకి పోతుంది. అక్కడ తెరవకముందు కనిపించేది మొదటి కొన్ని మాటలే. అందుకే ఇలా రాయమనండి:

"మీ కాజా రీల్ చూసి రాస్తున్నానండీ. పాకం తీగ సాగడం దగ్గరగా చూపించారు, అది నచ్చింది. భానుగుడి జంక్షన్ దగ్గర 20న మా కేఫ్ తెరుస్తున్నాం. 18 సాయంత్రం వచ్చి 40 సెకన్ల రీల్ ఒకటి చేస్తారా? 6,000 రూపాయలు ఇస్తాం. సగం ముందు, సగం పోస్ట్ పెట్టిన రోజు. రుచి గురించి మీకు అనిపించిందే చెప్పండి. పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ పెట్టాలి. రీల్‌ని మేం యాడ్‌గా వాడుకోవాలంటే దానికి వేరే మాట్లాడుకుందాం."

డబ్బు, తేదీ, పని అన్నీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి అవతలివాళ్లు మళ్లీ అడగాల్సిన పని లేదు. లేబుల్ మాట వదిలేయకూడదు. డబ్బు తీసుకుని చేసిన రీల్‌కి ఆ విషయం చెప్పాలని 2021 నుంచే ప్రకటనల మండలి మార్గదర్శకాలు ఉన్నాయి. ఇంకొకటి, పంపేముందు ఎవరికి పంపుతున్నాడో చూసుకోవాలి. యాభై వేల మంది ఫాలోవర్లున్నా వాళ్లంతా హైదరాబాద్‌లో ఉంటే కాకినాడ కేఫ్‌లో కుర్చీలు నిండవు. ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో ఇన్‌సైట్స్‌లో కనిపిస్తుంది, ఆ స్క్రీన్‌షాట్ అడగడం తప్పు కాదు.

ఇక మీకు ఒక మాట. ఇరవై మంది జవాబివ్వలేదని మీకు తెలుసు. కేఫ్ వాళ్లు వాడికి ఏమిస్తున్నారో అడిగారా? 6,000 ఇస్తామని ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడా? నా దగ్గరకొచ్చిన ఒక అబ్బాయి ఓనర్ నోటిమాట నమ్మి డబ్బు ఇస్తానని రాశాడు. రీల్ వచ్చాక ఓనర్ సగమే ఇచ్చాడు, మిగతాది ఆ పిల్లాడు జేబులోంచి కట్టాడు. ఇంట్లో చెప్పలేదు, తిడతారని. పిల్లల్ని ఆ స్థితికి తెచ్చేది మనమే.

మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పోస్టులు పెట్టడం నేర్పుతారు, బిల్లు కౌంటర్ దగ్గర లెక్క నేర్పేవాళ్లు తక్కువ. రీల్‌లో ఒక మాట చెప్పించి, ఆ మాట చెప్పినవాళ్లకు కాఫీ మీద తగ్గింపు ఇస్తే, ఎంతమంది వచ్చారో బిల్లుల్లో తెలుస్తుంది. ఆ లెక్క మీవాడు రాసిపెట్టుకుంటే రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి అదే ఉంటుంది. టెన్షన్ పడకండి, వాడు చేస్తున్నది పనే. ఎంబీఏ సంగతి కేఫ్ తెరిచాక, ఆ బిల్లులు చూసి మాట్లాడుకుందాం.